మీ ఫోన్‌లో స్పీడ్‌గా.. కస్టమర్ ఫోన్‌లో తెల్ల స్క్రీన్! షాపు వెబ్‌సైట్ లేటవడానికి అసలు కారణాలు ఇవే

సామర్లకోట: "మా సైట్ బాగానే ఓపెన్ అవుతోందండీ.. ఆర్డర్లే రావట్లేదు". సొంతంగా వెబ్‌సైట్ పెట్టుకున్న చిన్న వ్యాపారులు చాలామంది అనే మాట ఇది. ఓనర్ చెప్పేది అబద్ధం కాదు. కానీ కస్టమర్‌కు కనిపించేది వేరు.

సామర్లకోటలో ఉప్పాడ జాందానీ చీరలు అమ్మే ఓ షాపు ఉందనుకుందాం. ఓనర్ తన సైట్‌ను రోజూ చూస్తారు కాబట్టి ఫొటోలు, ఫైళ్లు ఆయన ఫోన్‌లో ముందే సేవ్ అయి ఉంటాయి. దీన్నే క్యాష్ అంటారు. అందుకే పేజీ క్షణాల్లో వచ్చేస్తుంది. అదే జంక్షన్‌లో రైలు కోసం చూస్తూ వాట్సాప్‌లో వచ్చిన లింక్ మొదటిసారి నొక్కిన కస్టమర్ ఫోన్‌లో ఏమీ ఉండదు. అన్నీ మొదటి నుంచి డౌన్‌లోడ్ కావాలి.

ముందు ఇలా చెక్ చేయండి

వైఫై ఆపేసి, మొబైల్ డేటా ఆన్ చేయండి. బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో ట్యాబ్ తెరిచి సైట్ ఓపెన్ చేయండి. ఇప్పుడు స్క్రీన్‌ను జాగ్రత్తగా గమనించండి. షాపు పేరు, ధరలు వెంటనే వచ్చి, ఫొటోలు మాత్రం పైనుంచి కిందకు మెల్లగా నిండుతుంటే తప్పు ఫొటోల సైజుది. అసలు ఒక్క అక్షరం కూడా రాకుండా స్క్రీన్ తెల్లగా ఉండిపోతే అనుమానించాల్సింది ముందుగా స్క్రిప్టులను. రెండూ వేర్వేరు సమస్యలు. ఒకదానికి చేసే రిపేర్ రెండోదానికి పనిచేయదు.

ఒక్క ఫొటోకే 20 సెకన్లు

ఫోన్‌తో తీసిన చీర ఫొటోను అలాగే బ్యానర్‌గా పెట్టేశారనుకోండి. 4000 పిక్సెళ్ల వెడల్పు, 3000 ఎత్తు, సైజు సుమారు 4 ఎంబీ. గూగుల్ టెస్టింగ్ టూల్ స్లో మొబైల్ నెట్‌గా లెక్కేసేది సెకనుకు 1.6 మెగాబిట్లు. 4 ఎంబీ అంటే 32 మెగాబిట్లు. అంటే ఆ ఒక్క ఫొటో దిగడానికే 20 సెకన్లు!

చాలామంది ఇక్కడే పొరబడతారు. డిజైన్‌లో ఫొటోను చిన్నగా కనిపించేలా సెట్ చేసి, పని అయిపోయిందనుకుంటారు. కానీ కనిపించే సైజు తగ్గినా, డౌన్‌లోడ్ అయ్యేది పాత 4 ఎంబీ ఫైలే.

సాధారణంగా ఫోన్ స్క్రీన్‌కు 1080 పిక్సెళ్ల వెడల్పు సరిపోతుంది. ఆ సైజుకు తగ్గిస్తే పిక్సెళ్లు దాదాపు 14వ వంతుకు పడిపోతాయి. squoosh.app లాంటి ఉచిత టూల్‌లో ఫొటో వేసి, వెడల్పు తగ్గించి, వెబ్‌పీ ఫార్మాట్‌లో సేవ్ చేయాలి. ఫైల్ 150 కేబీకి వచ్చిందంటే అదే నెట్‌లో సెకను లోపే దిగిపోతుంది. మరీ తగ్గిస్తే జరీ బుటాలు మసకబారతాయి, కాబట్టి సేవ్ చేసే ముందు జూమ్ చేసి చూసుకోవాలి.

తెల్ల స్క్రీన్ ఎందుకు?

బ్రౌజర్ పేజీ కోడ్‌ను పైనుంచి కిందకు చదువుతుంది. మధ్యలో స్క్రిప్టు తగిలితే, అది దిగి రన్ అయ్యేదాకా కింది భాగం చదవడం ఆపేస్తుంది. ఆ స్క్రిప్టు పేజీనే మార్చేయొచ్చు కాబట్టి ఆగక తప్పదు. స్లైడర్, చాట్ బటన్, విజిటర్ల లెక్క.. ఇలా నాలుగు స్క్రిప్టులు `<head>` భాగంలో ఉంటే, అవన్నీ పూర్తయ్యాకే చీర పేరైనా కనిపిస్తుంది. వాటిలో ఒకటి బయటి సర్వర్ నుంచి రావాల్సి ఉండి, ఆ సర్వర్ మొరాయిస్తే మొత్తం పేజీ ఆగిపోతుంది.

పరిష్కారం ఒక్క మాటలో ఉంది. స్క్రిప్టు లైన్‌లో `defer` చేర్చాలి.

```html
<script src="slider.js" defer></script>
```

ఇలా చేస్తే స్క్రిప్టు పక్కన డౌన్‌లోడ్ అవుతుంటుంది, బ్రౌజర్ పేజీ చదవడం కొనసాగిస్తుంది. చదవడం పూర్తయ్యాకే స్క్రిప్టు రన్ అవుతుంది.

అయితే ఒక జాగ్రత్త. పేజీలోనే నేరుగా రాసిన కోడ్ ఏదైనా ఆ స్క్రిప్టుపై ఆధారపడి ఉంటే, అది ముందే రన్ అయి ఎర్రర్ ఇస్తుంది. స్లైడర్ కదలదు, మెనూ తెరుచుకోదు. అందుకే ఒక్కో స్క్రిప్టుకు `defer` పెడుతూ, ప్రతిసారీ బటన్లన్నీ నొక్కి చూడాలి. ఎవరూ వాడని చాట్ బటన్ లాంటివి ఉంటే పూర్తిగా తీసేయడమే మేలు.

చివరిగా..

గూగుల్ పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో సైట్ అడ్రస్ ఇస్తే ఉచితంగా రిపోర్ట్ వస్తుంది. అందులో LCP అన్న చోట చూడండి. పేజీలో అన్నింటికన్నా పెద్దగా కనిపించే భాగం, అంటే మన ఉదాహరణలో చీర బ్యానర్, ఎన్ని సెకన్లకు వచ్చిందో అది చెబుతుంది. 2.5 సెకన్లు, అంతకన్నా తక్కువైతే బాగున్నట్టే. అది చూశాక మళ్లీ ఇన్‌కాగ్నిటోలో ఓపెన్ చేయండి. మొదటిసారి వచ్చే కస్టమర్‌కు కనిపించేది అదే.