వైఫై కలిసింది, పేజీ తెరుచుకోదు

ఫోన్ పైభాగంలో కనిపించే వైఫై గుర్తు చెప్పేది ఒక్కటే: ఫోన్‌కూ రౌటర్‌కూ మధ్య సంబంధం కుదిరింది. రౌటర్ నుంచి బయటి ఇంటర్నెట్‌కు దారి ఉందా లేదా అన్నది దానికి పట్టదు. గుర్తు నిండుగా ఉన్నా పేజీ రాకపోవడం అందుకే.

బయటి దారిని ఫోన్ వేరుగా పరీక్షించుకుంటుంది. ఆండ్రాయిడ్ ఫోన్ ఏదైనా వైఫైలో చేరగానే గూగుల్ సర్వర్‌కు ఒక చిన్న అభ్యర్థన పంపుతుంది. దానికి 204 అనే ఖాళీ జవాబు రావాలి. జవాబే రాకపోతే వైఫై పేరు కింద ఇంటర్నెట్ లేదని చూపిస్తుంది. ఖాళీ జవాబుకు బదులు వేరే పేజీ వస్తే, ఇక్కడ లాగిన్ కావాలని గ్రహించి ‘సైన్ ఇన్’ నోటిఫికేషన్ ఇస్తుంది. ఐఫోన్ కూడా captive.apple.com ద్వారా ఇలాంటి పరీక్షే చేస్తుంది.

రైల్వే స్టేషన్లు, హోటళ్లు, కాలేజీ హాస్టళ్లలో ఈ లాగిన్ పేజీ దగ్గరే ఎక్కువమంది ఆగిపోతారు. నోటిఫికేషన్‌ను పక్కకు తోసేసి నేరుగా బ్రౌజర్‌లో ఏదో సైటు తెరవబోతారు. ఇప్పుడు దాదాపు అన్ని సైట్లూ https తో మొదలవుతాయి. అలాంటి సైటును మధ్యలో అడ్డుకుని తన లాగిన్ పేజీ చూపించడం రౌటర్‌కు సాధ్యం కాదు, ప్రయత్నిస్తే బ్రౌజర్ భద్రతా హెచ్చరిక ఇస్తుంది. అందుకే s లేని చిరునామా ఒకటి ఇవ్వాలి. http://neverssl.com అని పూర్తిగా టైప్ చేస్తే చాలాసార్లు లాగిన్ పేజీ బయటపడుతుంది. ఆ తర్వాత నంబరు, ఓటీపీ మామూలే. ఓటీపీ ఎస్ఎంఎస్‌గా వస్తుంది కాబట్టి సిమ్‌కు సిగ్నల్ ఉండాలన్న సంగతి మరవకూడదు.

లాగిన్ పూర్తయినా పేజీలు రాకపోతే డీఎన్ఎస్‌ను అనుమానించాలి. సైటు పేరును దాని ఐపీ అంకెలుగా మార్చి చెప్పే వ్యవస్థ అది. ప్రకటనలు రాకుండా ఉండాలని చాలామంది ఆండ్రాయిడ్ ఫోన్‌లో ‘ప్రైవేట్ డీఎన్ఎస్’ దగ్గర dns.adguard.com లాంటి పేరు ఎప్పుడో పెట్టి మరిచిపోతారు. అలాంటి ఫోన్ హాస్టల్ వైఫైలో చేరిందనుకుందాం. ప్రైవేట్ డీఎన్ఎస్ 853 అనే పోర్టు మీదుగా నడుస్తుంది, ఆ హాస్టల్ నెట్‌వర్క్‌లో ఆ పోర్టు మూసి ఉంది. పేరు ఇచ్చి పెట్టిన ప్రైవేట్ డీఎన్ఎస్ అందకపోతే ఫోన్ మరో డీఎన్ఎస్ కోసం వెతకదు, పట్టుబట్టి అక్కడే కూర్చుంటుంది. పక్క మంచం మీది ఫోన్‌లో వీడియో నడుస్తుంటుంది, ఈ ఫోన్‌లో ఒక్క పేజీ కూడా రాదు.

దీన్ని నిర్ధారించుకునే పరీక్ష ఉంది. ముందు మొబైల్ డేటా ఆపాలి. వైఫైలో ఇంటర్నెట్ లేదనుకున్న ఫోన్ గుట్టుచప్పుడు కాకుండా సిమ్ డేటాకు మారి పరీక్షను పాడుచేస్తుంది. తర్వాత బ్రౌజర్‌లో ఇది టైప్ చేయాలి:

```
https://1.1.1.1/cdn-cgi/trace
```

ఇందులో పేరు లేదు, అంకెలే ఉన్నాయి కాబట్టి డీఎన్ఎస్ అవసరం పడదు. `ip=` తో మొదలయ్యే వరుస, మరికొన్ని వరుసలు కనిపించి, మామూలు సైట్లకు మాత్రం `ERR_NAME_NOT_RESOLVED` అని గానీ `DNS_PROBE` తో మొదలయ్యే మాట గానీ వస్తుంటే తప్పు డీఎన్ఎస్‌దే. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ విభాగంలోకి వెళ్లి ప్రైవేట్ డీఎన్ఎస్‌ను ‘ఆటోమేటిక్’కు మార్చాలి. వీపీఎన్ ఉంటే దాన్నీ ఆపి చూడాలి. ఈ అంకెల చిరునామా కూడా తెరుచుకోకపోతే డీఎన్ఎస్‌ను మార్చి లాభం లేకపోవచ్చు. కొన్ని సంస్థలు ఈ చిరునామానే మూసివేస్తాయి గనుక అక్కడ ఈ పరీక్షను పూర్తిగా నమ్మడానికి లేదు.

ఇంట్లో అన్ని ఫోన్లదీ ఒకే పరిస్థితి అయితే చూడాల్సింది రౌటర్‌ను, దాని ప్లాన్‌ను. సిమ్ వేసుకునే రౌటర్‌లో రోజుకు 2 జీబీ ప్లాన్ ఉందనుకుందాం. పిల్లల వీడియోలతో సాయంత్రానికే అది అయిపోతుంది. కనెక్షన్ తెగదు, వేగం మాత్రం చాలా ప్లాన్లలో 64 కేబీపీఎస్‌కు, అంటే సెకనుకు 8 కిలోబైట్లకు పడిపోతుంది. 2 ఎంబీ ఉన్న వార్తల పేజీ రావడానికి ఆ లెక్కన నాలుగు నిమిషాలకు పైగా పడుతుంది, ఒక్కోసారి అంతసేపు ఆగలేక బ్రౌజర్ `ERR_TIMED_OUT` అనవచ్చు. వాట్సాప్‌లో అక్షరాల సందేశాలు వెళుతూ ఫొటోలు తిరుగుతూ ఉండిపోతే ఇదే కారణం కావచ్చు. ఆపరేటర్ యాప్‌లో మిగిలిన డేటా చూస్తే తేలిపోతుంది. రోజువారీ కోటా సాధారణంగా అర్ధరాత్రి దాటాక మళ్లీ మొదలవుతుంది.

ఫైబర్ కనెక్షన్లలో పరిమితి నెలవారీగా ఉంటుంది, అది దాటినా వేగం తగ్గడమే తప్ప లైన్ ఆగదు. గడువే తీరిపోతే లైన్ ఆగుతుంది, కొన్ని కంపెనీలు రీఛార్జ్ పేజీ చూపిస్తాయి. ప్లాన్‌లో డేటా ఉండి ఒక్క ఫోన్‌కే రాకపోతే, రౌటర్ కింది స్టిక్కర్ మీద ఉన్న చిరునామాతో (తరచుగా 192.168.1.1) దాని పేజీ తెరిచి, ఆ ఫోన్‌కు సమయ పరిమితో డేటా పరిమితో ఎవరైనా పెట్టారేమో చూడాలి.