అర్ధరాత్రి గ్రూపులో పెడితే ఎవరు లేస్తారు?

హైదరాబాద్‌లో ఎనభై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ ఒకటి ఉందనుకుందాం. రాత్రి ఒకటిన్నర, జోరు వాన. మెలకువ వచ్చిన ఒకాయన బాల్కనీలోంచి చూసి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు: ‘సెల్లార్‌లోకి నీళ్లు!!! ఎవరైనా చూడండి’. ఫోన్ మోగి లేచినవాళ్లలో సగం మందికి కారే లేదు. ‘ఎంత లోతు?’, ‘మొన్నే చెప్పా కదా మోటారు సంగతి’ అంటూ మాటలు పెరిగాయి. కింద కార్లున్నవాళ్లు చాలామంది ఫోన్ సైలెంట్‌లో పెట్టి నిద్రపోతున్నారు. తెల్లారి లేచేసరికి వాళ్ల కార్లు సీట్ల దాకా మునిగాయి.

రాత్రిపూట గ్రూపుకున్న లోపమే ఇది. లేవాల్సినవాళ్లను లేపుతుందన్న నమ్మకం లేదు, అక్కర్లేనివాళ్లను మాత్రం లేపుతుంది. కాబట్టి పది దాటాక ఏదైనా పెట్టబోయేముందు ఒక్క ప్రశ్న వేసుకోవాలి: తెల్లారేలోగా దీని మీద ఎవరైనా ఏదైనా చేయాలా? అక్కర్లేకపోతే పొద్దున పెట్టొచ్చు. చేయాలంటే, ఆ చేయాల్సినవాళ్లకు ఫోన్ చేయాలి.

పైన చెప్పిన సెల్లార్‌నే తీసుకోండి. మొదటి ఫోన్ వాచ్‌మన్‌కి, రెండోది సెక్రటరీకి. కార్లున్న ఫ్లాట్లకు ఇంటర్‌కమ్ కొట్టాలి, పలక్కపోతే వాచ్‌మన్ వెళ్లి తలుపు తట్టాలి. నీళ్లలో కరెంటు ప్రమాదం ఉంటుంది కాబట్టి సెల్లార్ లైన్ ఆపేదాకా ఎవరూ దిగకూడదు. అప్పుడు గ్రూపులో ఒక్క మెసేజ్ చాలు: ‘సెల్లార్‌లో మోకాలి లోతు నీళ్లు. కరెంటు ఆపేదాకా కిందికి దిగొద్దు. వాచ్‌మన్ ఇంటింటికీ వస్తున్నాడు. వివరాలకు సెక్రటరీకి ఫోన్ చేయండి, ఇక్కడ జవాబులొద్దు’. ఊళ్లో లేనివాళ్లు కూడా దాన్ని చూసి పక్కింటివాళ్లకు తాళం సంగతి చెప్పగలరు. నీళ్లు తోడేశాక ‘అయిపోయింది’ అని ఇంకో మెసేజ్ పెట్టాలి. ఇది చాలామంది మర్చిపోతారు. అర్ధరాత్రి రక్తం కావాలని పెట్టిన మెసేజ్‌లకూ ఇదే జబ్బు. ఆసుపత్రి పేరు, బ్లడ్ గ్రూపు ఉంటాయి కానీ తేదీ ఉండదు. రక్తం దొరికిందన్న కబురూ రాదు. నెలల తరబడి ఆ నంబరుకు ఫోన్లు వస్తూనే ఉంటాయి.

ఫోన్ చేసినా ఎత్తకపోతే వెంటనే మళ్లీ చేయండి. ‘డు నాట్ డిస్టర్బ్’ పెట్టుకున్నా, వరుసగా వచ్చిన రెండో కాల్ మోగే ఏర్పాటు చాలా ఫోన్లలో ఉంటుంది. ఐఫోన్‌లో మూడు నిమిషాల్లోపు, ఆండ్రాయిడ్‌లో పదిహేను నిమిషాల్లోపు అదే నంబరు నుంచి మళ్లీ రావాలి, ఆ సెట్టింగ్ ఆన్‌లో ఉండాలి. గ్రూపును మ్యూట్ చేసుకున్నా, ఎవరైనా పేరు పెట్టి ట్యాగ్ చేస్తే నోటిఫికేషన్ వస్తుంది. అందుకే మెయింటెనెన్స్ బకాయి గుర్తుచేయడానికి రాత్రి పదకొండింటికి ట్యాగ్ చేయడం మర్యాద కాదు.

కుటుంబ గ్రూపుల్లో చిక్కు వేరే. ఇక్కడ రాత్రి అంటే అందరికీ రాత్రి కాదు. పెద్దాయన మన రాత్రి రెండింటికి పోయారనుకోండి. వేసవిలో అయితే అప్పుడు డల్లాస్‌లో ముందురోజు మధ్యాహ్నం మూడున్నర. ఊళ్లో నిద్రపోతున్న బంధువులు చూడకముందే, ఆఫీసులో ఉన్న కొడుకు ఆ మెసేజ్ చూస్తాడు. తండ్రి పోయిన కబురు ‘ఓం శాంతి’ల వరసలో తెలుసుకోవడం ఎంత ఘోరం! కాబట్టి పిల్లలకు, తోబుట్టువులకు ముందు ఫోన్‌లో చెప్పాలి. వాళ్లందరికీ తెలిసిందని ఇంటివాళ్లు అన్నాకే గ్రూపులో పెట్టాలి. మర్నాడే అంత్యక్రియలైతే, దూరం నుంచి రావాల్సినవాళ్లు రాత్రికి రాత్రే బయల్దేరాలి. అలాంటివాళ్లను అర్ధరాత్రి అని మొహమాటపడకుండా ఫోన్ చేసి లేపాలి, తర్వాత ఎవరూ తప్పుపట్టరు.

ఇక తెల్లవారుజామున నాలుగున్నరకే శుభోదయం పంపే పెద్దలున్నారు. వాళ్లకు అది నిజంగానే ఉదయం, కాదనలేం. టెలిగ్రామ్‌లో సెండ్ బటన్ నొక్కి పట్టుకుంటే శబ్దం లేకుండా పంపే వీలు ఉంటుంది, తర్వాత వెళ్లేలా టైమ్ కూడా పెట్టొచ్చు. వాట్సాప్‌లో అయితే టైప్ చేసి వదిలేస్తే డ్రాఫ్ట్‌గా ఉండిపోతుంది, ఏడింటికి నొక్కితే సరి. రాత్రిపూట ‘ఓకే’ అని జవాబివ్వడం కంటే ఆ మెసేజ్ మీదే బొటనవేలి గుర్తు పెట్టడం నయం. దాని నోటిఫికేషన్ రాసినవాళ్లకే వెళ్తుంది, మిగతా వాళ్ల ఫోన్లు మోగవు.

లౌడ్‌స్పీకర్లకు చట్టం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు హద్దు పెట్టింది. మీ గ్రూపు కూడా అదే వేళ పాటించొచ్చు. వాచ్‌మన్, సెక్రటరీ, ఎలక్ట్రీషియన్ నంబర్లతో పాటు 112, 108 కూడా గ్రూపు డిస్క్రిప్షన్‌లో ఉన్నాయో లేదో ఈరోజే చూడండి. లేకపోతే అడ్మిన్‌తో పెట్టించండి. ఆ పని మాత్రం పగలు అడగండి.