రంగు సంఖ్యలోంచి ఆకుపచ్చను విడదీసే లెక్క

తెరపై కనిపించే రంగును కంప్యూటర్ తరచుగా 24 బిట్ల ఒకే సంఖ్యగా దాచుకుంటుంది. పై 8 బిట్లు ఎరుపు, మధ్య 8 ఆకుపచ్చ, కింది 8 నీలం. ఆకుపచ్చ పాలెంతో ఈ వరుస చెబుతుంది:

```
g = (c >> 8) & 0xFF
```

`c` విలువ కాషాయ రంగు `0xFF9933` అయితే, `>> 8` బిట్లన్నిటినీ 8 స్థానాలు కుడికి జరుపుతుంది. నీలానికి చెందిన `33` రాలిపోయి `0xFF99` మిగులుతుంది. `0xFF` అంటే వరుసగా ఎనిమిది ఒకట్లు. `&` రెండు సంఖ్యల బిట్లను జతలుగా చూసి, రెండూ 1 అయిన చోటే 1 ఉంచుతుంది. దాంతో ఎరుపు చెరిగిపోయి `0x99`, అంటే 9×16+9 = 153 వస్తుంది.

`&` మరిచిపోతే ఎరుపు కూడా కలిసి 65433 వస్తుంది. ఏ రంగు పాలూ 255 దాటదు కాబట్టి తప్పు వెంటనే తెలుస్తుంది. ఎరుపు సున్నాగా ఉన్న రంగుల్లో మాత్రం అది బయటపడదు.