పటేలు చుట్టంగా ఊరిని చూస్తే

ఒక ఊళ్ళో మకాం పెట్టి, అక్కడి జీవితం గురించి రాసే పరిశోధనలో సర్వే పట్టికలుండవు. మరి దాన్ని దేనితో తూచాలి? ఎం.ఎన్. శ్రీనివాస్ రాసిన ‘ది రిమెంబర్డ్ విలేజ్’ (1976) మీద ఆ తూకం వేసి చూద్దాం.

మైసూరు దగ్గరి ఒక ఊరికి రాంపుర అని మారుపేరు పెట్టి, ఆయన 1948లో దాదాపు ఏడాది అక్కడే ఉన్నారు. 1952 వేసవిలో మళ్ళీ వెళ్ళారు. ఏడాది అనే లెక్క ఊరికే రాలేదు. నాట్లు, కోతలు, జాతర్లు, పెళ్ళిళ్ళు ఒక చుట్టు తిరగాలంటే అంత కాలం పడుతుంది. పైగా కొత్తలో జనం ఎలా నడుచుకోవాలో చెబుతారు. నిజంగా ఎలా నడుచుకుంటారో కనబడేది తర్వాతే, పొలం గట్టు తగాదా వచ్చినప్పుడో, బాకీ తీరనప్పుడో.

అయితే నెలలు గడిచినంత మాత్రాన సరిపోదు, చూసినదాని అర్థం పట్టుకోవాలి. క్లిఫర్డ్ గీర్ట్జ్ దీన్నే ‘సాంద్ర వర్ణన’ అన్నారు. శ్రీనివాస్ ఒకసారి స్నానం చేశాక గడ్డం గీసుకున్నారు. ఊరి పటేలు అది తప్పన్నాడు, క్షవరం అయ్యాకే స్నానం చేయాలన్నాడు. ఇంతవరకే రాస్తే అదొక ముచ్చట. పటేలు ఒక్కలిగ, శ్రీనివాస్ అయ్యంగారు బ్రాహ్మణుడు అని తెలిస్తే సంగతి మారుతుంది. క్షవరం మైల, దాన్ని స్నానం కడగాలి. ఆ నియమాన్ని బ్రాహ్మణుడు మరిచినా పక్క కులంవాడు మరవనివ్వడం లేదు. కులాన్ని కాపలా కాసేది ఎవరో ఆ ఒక్క మందలింపులో తెలిసిపోతుంది.

అదే మందలింపు పరిశోధకుడి స్థానాన్నీ బయటపెడుతుంది. ఆయన దిగింది పటేలుకు చెందిన, ఎద్దులు కట్టేసే ఇంట్లో. పటేలు అండతో ఎన్నో తలుపులు తెరుచుకున్నాయి, కొన్ని మూసుకున్నాయి కూడా. దళితవాడ నుంచో ముస్లిముల వైపు నుంచో చూస్తే ఊరు వేరేగా కనబడేదని ఆయనే ఒప్పుకున్నారు. ఒప్పుకోవడం మెచ్చదగ్గదే, కానీ దానితో ఖాళీ పూడదు. భూస్వాముల లావాదేవీలకు ఈ పుస్తకం గట్టి సాక్ష్యం, కూలివాడి బతుక్కి బలహీన సాక్ష్యం.

ఇంకో చిక్కుంది. 1970లో స్టాన్‌ఫర్డ్‌లో ఎవరో నిప్పుపెట్టడంతో ఆయన క్రోడీకరించుకున్న నోట్సు మూడు ప్రతులూ కాలిపోయాయి. పుస్తకం చాలావరకు జ్ఞాపకం నుంచి రాసిందే. అందుకే అందులోని మనుషుల తీరునూ మాటనూ నమ్మొచ్చు, అంకెలు వెతక్కూడదు.

హైదరాబాద్ పక్కనున్న శామీర్‌పేట మీద ఎస్.సి. దూబే రాసిన ‘ఇండియన్ విలేజ్’ (1955) చేతికొస్తే ఇలాగే ముందుమాట తిరగేయండి. ఎన్నాళ్ళున్నారు, ఎవరితో వెళ్ళారు, ఊరివాళ్ళు వాళ్ళను ఏ పని మీద వచ్చినవాళ్ళనుకున్నారు? ఇవి చెప్పని పుస్తకంలో ‘గ్రామస్థులు అంటారు’ అని కనిపిస్తే, ఏ వాడ గ్రామస్థులో అడగండి.