రాత్రి పరుగుకు టైమ్ లెక్క

మారథాన్ కన్నా ఎక్కువ దూరం ఉండే పరుగును అల్ట్రా అంటారు. కొన్ని అల్ట్రాలు సాయంత్రం మొదలై తెల్లవారాక ముగుస్తాయి. దారిలో నీళ్లు, తిండి పట్టుకుని ఎదురుచూసే ఇంటివాళ్లకు మనం ఎక్కడికి ఎప్పుడు చేరతామో ముందే రాసివ్వాలి. ఈ లెక్క అర్ధరాత్రి దగ్గర తడబడుతుంది.

శనివారం సాయంత్రం 6:15కి మొదలయ్యే 80 కిలోమీటర్ల పరుగు అనుకుందాం. వేగం కిలోమీటరుకు 8 నిమిషాల 30 సెకన్లు. ప్రతి 20 కిలోమీటర్లకు ఒక మజిలీ, అక్కడ 10 నిమిషాల విరామం. గంటలను పక్కనపెట్టి అన్నీ నిమిషాల్లోకి మార్చుకుంటే పని తేలిక. 6:15 అంటే 18:15, అంటే ఆ రోజు మొదలై 1095 నిమిషాలు. 40వ కిలోమీటరుకు పరుగు 340 నిమిషాలు, మొదటి మజిలీలో విరామం 10, మొత్తం 350. దానికి 1095 కలిపితే 1445. రోజుకు 1440 నిమిషాలే కాబట్టి అవి తీసేస్తే 5 మిగులుతుంది. అంటే ఆదివారం 00:05.

వారం మారిందని రాయడం ఇక్కడే మరిచిపోతారు. పంచాంగం ప్రకారం వారం సూర్యోదయంతో మారుతుంది, మన మాటల్లోనూ అది ‘శనివారం రాత్రి పన్నెండు దాటాక’. కానీ ఫోన్‌లో అలారం పెట్టేవాళ్లకు అది ఆదివారం. అందుకే చీటీలో వారం, 24 గంటల టైమ్ రెండూ ఉండాలి. ‘12:05’ అని మాత్రం రాస్తే మధ్యాహ్నమో రాత్రో తెలియదు.

ఇదే పద్ధతిలో 60కి ఆదివారం 03:05, 80కి 06:05 వస్తాయి. ఇవి చేరే టైములు, బయల్దేరేవి కావు.

కాలిక్యులేటర్‌లో 8 నిమిషాల 30 సెకన్లను 8.30 అని కొట్టడం మరో పొరపాటు. 30 సెకన్లు అర నిమిషం, కాబట్టి 8.5 అని కొట్టాలి. 8.30 వేస్తే 40 కిలోమీటర్లకు 8 నిమిషాలు, 80కి 16 నిమిషాలు తక్కువ చూపిస్తుంది. ఎంత దూరం పోతే అంత తేడా పెరుగుతుంది.

వేగం చివరిదాకా ఒకేలా ఉంటుందనుకోవడం నాకు నచ్చదు. రెండో సగానికి కిలోమీటరుకు 9 నిమిషాలు వేస్తే 60కి 03:15, 80కి 06:25 అవుతాయి. చీటీలో రెండు టైములూ రాసిస్తే, 03:05 దాటగానే ఇంటివాళ్లు కంగారుపడరు.

పరుగు 20 నిమిషాలు ఆలస్యంగా మొదలైతే 350 లాంటి అంకెలను కదపనక్కర్లేదు. 1095ను 1115 చేసి మళ్లీ కలిపితే చాలు. అప్పుడు 40వ కిలోమీటరు ఆదివారం 00:25కి వస్తుంది.