ఏ నెలకు ఏ ముచ్చట? ఎప్పుడు చూపించాలి?

బిడ్డ బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు పంచడం తెలుగిళ్లలో ఆనవాయితీ. ఎదుగుదల తల నుంచి కాళ్ల వైపు సాగుతుందని ఆ వేడుకల వరుసే చెబుతుంది. రెండో నెలలో పలకరిస్తే నవ్వుతుంది. నాలుగో నెలకు మెడ నిలుస్తుంది. ఆరు, ఎనిమిది నెలల మధ్య ఆసరా లేకుండా కూర్చుంటుంది. ఏడాది అటూఇటూగా తొలి అడుగు, తొలి మాట వస్తాయి. కొందరు పాకకుండానే నడుస్తారు, అది లోపం కాదు.

నెలలు మాత్రం బిడ్డకూ బిడ్డకూ మారతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశీలనలో ఆరోగ్యవంతులైన పిల్లలే కొందరు తొమ్మిదో నెలకు ముందే నడిచారు, కొందరు పదిహేడు నెలలు దాటాక నడిచారు. అందుకే 18 నెలలు నిండినా సొంతంగా నడవకపోతే వైద్యుడికి చూపించాలంటారు.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు లెక్క వేరు. 32 వారాలకే పుట్టిన పాపకు ఇప్పుడు ఎనిమిది నెలలు, ఇంకా కూర్చోలేదు అనుకుందాం. రెండు నెలలు ముందుగా పుట్టింది కనుక ఆమెను ఆరు నెలల బిడ్డగానే చూడాలి. రెండేళ్ల వరకూ ఈ సవరణ వర్తిస్తుంది. ఆ లెక్కన కూర్చోకపోవడంలో కంగారు లేదు. కానీ గిలక్కాయ ఎడమవైపు పెట్టినా పాప కుడిచేత్తోనే అందుకుంటోంది, ఎడమ పిడికిలి బిగుసుకునే ఉంది. ‘కుడిచేతి వాటం’ అని ఇంట్లో మురిసిపోతారు. నిజానికి ఏడాదిలోపు చేతివాటం తేలకూడదు. తేలిందంటే రెండో చెయ్యి సరిగా పనిచేయడం లేదేమోనని అనుమానించాలి. మెదడులో ఒక పక్క దెబ్బతిన్నప్పుడు కనిపించే తొలి గుర్తు ఇదే కావచ్చు. నెలల సవరణ దీనికి సాకు కాదు, వెంటనే చూపించాలి.

మాటల విషయంలో మోసపోవడం ఇంకా తేలిక. పుట్టుకతో వినపడని బిడ్డ కూడా మొదటి నెలల్లో ‘ఊ’, ‘ఆ’ అంటుంది. అది చూసి వినికిడి బాగుందనుకుంటారు. పదో నెలకైనా ‘బాబాబా’, ‘దాదాదా’ వంటి అక్షరాల గొలుసు రాకపోతే వినికిడి పరీక్ష చేయించాలి. చప్పట్లు కొట్టి ఇంట్లో చూసుకోవడం చాలదు, గాలి కదలికకో నీడకో బిడ్డ తిరగవచ్చు. ఏడాదిన్నరకు ఒక్క మాటా రాకపోయినా, కావలసినది వేలితో చూపకపోయినా, పేరు పెట్టి పిలిస్తే పలకకపోయినా, రెండేళ్లకు ‘అమ్మ రా’ వంటి రెండు మాటలు కలపకపోయినా ఆగకూడదు. ‘వాళ్ల నాన్నకూ ఆలస్యంగానే మాటలొచ్చాయి’ అన్న ఓదార్పుతో విలువైన నెలలు జారిపోతాయి.

వచ్చిన మాటలు ఆగిపోవడం, చేసే పని మానేయడం ఏ వయసులోనైనా ప్రమాద సూచనే. దానికి గడువు లేదు.

పరీక్ష చేయించినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైంది. దాని కింద జిల్లాల్లో నెలకొల్పిన సత్వర చికిత్సా కేంద్రాల్లో ఈ పరీక్షలు ఉచితం. అంగన్‌వాడీ కార్యకర్తనో, ఆశా కార్యకర్తనో అడిగితే దారి చెబుతారు.