చదువు కోసం వెళ్లే నర్సు రాజీనామా ఎలా ఉండాలి?

ఐసీయూలో పనిచేసే ఒక స్టాఫ్ నర్సుకు ఎమ్మెస్సీ నర్సింగ్‌లో సీటు వచ్చిందనుకుందాం. ఆమె రాజీనామా లేఖలో నర్సింగ్ సూపరింటెండెంట్ ముందుగా వెతికేది చివరి పనిదినాన్నే, ఎందుకంటే డ్యూటీలు వేసేది ఆ తేదీని బట్టే. ‘త్వరలో మానేస్తాను’ అంటే ఆవిడకు ఏమీ తెలియదు. కాబట్టి లేఖ ఇలా మొదలవ్వాలి:

‘గౌరవనీయులైన సూపరింటెండెంట్ గారికి, ఎమ్మెస్సీ నర్సింగ్ చదువు కోసం స్టాఫ్ నర్సు ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను. నెల రోజుల నోటీసు ప్రకారం జూన్ 30 నా చివరి పనిదినం. వెంటిలేటర్ మీదున్న రోగిని చూసుకోవడం ఇక్కడి సీనియర్ సిస్టర్ల దగ్గరే నేర్చుకున్నాను. అందుకు కృతజ్ఞతలు. కొత్తగా వచ్చేవారికి పని అప్పగించే వెళ్తాను.’

కృతజ్ఞతకు ఆ ఒక్క మాట చాలు. పేజీ నిండా పొగిడితే మొక్కుబడిగా కనిపిస్తుంది. జీతం గొడవలేవైనా ఉంటే వాటికిది చోటు కాదు.

కాలేజీలో చేరే తేదీ నోటీసు ముగియకముందే వస్తే చిక్కే. ముందుగా రిలీవ్ చేయమని అదే లేఖలో అడగాలి. తగ్గిన రోజులకు జీతం కోత పడొచ్చు. రిలీవింగ్ లెటరు, చేరిన తేదీ, మానిన తేదీ ఉన్న అనుభవ ధ్రువపత్రం కూడా అప్పుడే కోరాలి.